జాతరలో ముప్పై రూపాయలు

ఆరో తరగతి పిల్లలకు అర్థశాస్త్రం నిర్వచనంతో మొదలుపెడితే పాఠం అక్కడే ఆగిపోతుంది. ఒక టీచరమ్మ జాతరతో మొదలుపెట్టారు.

"మీ చేతిలో 30 రూపాయలున్నాయి. రంగులరాట్నం 30, బంతి 30, చెరుకురసం 20, బూర 10. ఏం చేస్తారు?"

"రంగులరాట్నం ఎక్కుతాం టీచర్!"

"సరే. దానికోసం ఏం వదులుకున్నారు?"

"బంతి, రసం, బూర... అన్నీ!"

పెద్దవాళ్లూ ఇక్కడే పొరబడతారు. రాట్నం ఎక్కకపోతే ఆ 30తో బంతి కొనొచ్చు, లేదా రసం తాగి బూర కొనుక్కోవచ్చు. రెండూ కుదరవు. కాబట్టి వదులుకున్నది ఆ రెండింటిలో మనకు ఎక్కువ ఇష్టమైనది మాత్రమే. అర్థశాస్త్రంలో దీన్నే అవకాశ వ్యయం అంటారు. బంతి ఇష్టమైనవాడికి అది బంతి, దాహం వేసినవాడికి రసమూ బూరా. ధర ఒకటే అయినా వదులుకునేది మనిషిని బట్టి మారుతుంది.

"మా మామయ్య 500 ఇచ్చాడు, నాకు కొరత లేదు" అన్నాడొకడు.

"ఆరింటికి ఆఖరి బస్సు, నీకున్నది గంటే. గంటసేపు సాగే ఉచిత గారడీ చూస్తే రాట్నం ఎక్కగలవా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. కొరత అంటే పేదరికం కాదు. కోరికలకు సరిపడా డబ్బో, సమయమో లేకపోవడం. 1932లో లయొనెల్ రాబిన్స్ అర్థశాస్త్రాన్ని నిర్వచించింది ఈ కొరత, ఎంపికల మీదే.