కామెంట్ల పెట్టె తెరిచే ఉంచాలంటే

బ్లాగు మొదలుపెట్టిన కొత్తలో వ్యాసం కింద ఏ కామెంటు పడినా సంబరంగానే ఉంటుంది. "చాలా ఉపయోగపడే సమాచారం, ఇలాగే రాస్తూ ఉండండి" అని ఎవరో ఇంగ్లీషులో మెచ్చుకుంటారు. రాసినవారు పొంగిపోయి ధన్యవాదాలు కూడా చెప్తారు. మెచ్చుకున్నవారి పేరు మీద నొక్కితే అప్పులిచ్చే యాప్ పేజీయో, బరువు తగ్గించే మాత్రల దుకాణమో తెరుచుకుంటుంది. వ్యాసం తెలుగులో ఉందన్న సంగతి కూడా ఆ పొగిడినవారికి తెలియదు. ఎందుకంటే పొగిడింది ఒక ప్రోగ్రామ్. అదే ముక్క ఆ పూట కొన్ని వేల బ్లాగుల్లో పడి ఉంటుంది. అనుమానం వస్తే ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి, అక్షరం పొల్లుపోకుండా మరో పది చోట్ల కనబడుతుంది.

ఈ స్పామ్‌ని, తిట్ల కామెంటుని ఒకే గాటన కట్టి, రెండింటికీ ఒకే తాళం వేయడం వల్లే చాలా బ్లాగుల్లో చర్చ చచ్చిపోతోంది. ప్రతి కామెంటూ యజమాని చూసి వదిలేదాకా ఆగాల్సి వస్తే, పొద్దున రాసిన జవాబు మర్నాటికి గానీ కనబడదు. అవతలివాళ్ళు అప్పటికి వెళ్ళిపోయి ఉంటారు. స్పామ్‌కి కావలసింది వేరు, తిట్టేవాడికి కావలసింది వేరు. కాబట్టి మందు కూడా వేరే ఉండాలి.

స్పామ్ వేసేవాడికి మీ పాఠకుల మీద పెద్ద ఆశేమీ ఉండదు. అతని చూపు సెర్చి ఇంజన్ల మీద. ఒక పేజీకి ఎన్ని చోట్ల నుంచి లింకులున్నాయో చూసి దానికి విలువ కట్టడం గూగుల్ పద్ధతి గనక, ఊరూరి బ్లాగుల్లో లింకులు చల్లిపోతాడు. దీన్ని ఆపడానికి 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ కలిసి ఒక గుర్తు తెచ్చాయి. కామెంట్లలోని లింకుకి `rel="nofollow"` అని తగిలిస్తే సెర్చి ఇంజను దాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. 2019లో గూగుల్ దీనికి తోడుగా, వాడుకరులు రాసిన లింకు అని తెలిపే `ugc` అనే గుర్తు కూడా ఇచ్చింది. వర్డ్‌ప్రెస్ లాంటివి వీటిని వాటంతట అవే తగిలిస్తాయి. అయినా స్పామ్ ఆగలేదు. కారణం ఖర్చు. లక్ష బ్లాగులకు పంపడానికీ పది బ్లాగులకు పంపడానికీ తేడా లేనప్పుడు, ఏ బ్లాగులో లింకు పనిచేస్తుందో విడదీసి చూసే శ్రమ ఎవడు పడతాడు?

కనక కాపలా మన దగ్గరే పెట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో Settings లోని Discussion పేజీలో రెండు ఏర్పాట్లు మొదటినుంచే ఉంటాయి. చాలామంది వాటిని గమనించకుండా, అన్నిటినీ ఆపే మీట నొక్కేస్తారు. మొదటిది, ఇంతకుముందు ఒక్క కామెంటైనా ఆమోదం పొందినవారిని నేరుగా రానివ్వడం. కొత్తవారు ఒక్కసారి ఆగుతారు, ఆ తర్వాత అదే పేరుతో, అదే ఈమెయిలుతో రాసినంతకాలం ఆగనక్కర్లేదు. రెండోది, రెండు గానీ అంతకు మించి గానీ లింకులున్న కామెంటుని పక్కన పెట్టడం. ఈ రెండూ ఉంటే రోజూ వచ్చే పాఠకుల మాటలకు అడ్డు ఉండదు, కొత్త ముఖాల మీదే కన్ను వేస్తే చాలు. పాత వ్యాసాల కింద కామెంట్లు మూసే వీలు కూడా ఆ పేజీలోనే ఉంది. స్పామ్‌లో ఎక్కువ భాగం పాత పేజీలకే వస్తుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. కానీ ఊరి చరిత్ర, వంట, వ్యవసాయం లాంటి వ్యాసాల కింద మూడేళ్ళ తర్వాత కూడా విలువైన మాట రావచ్చు. అక్కడ మూయకుండా, పాత వ్యాసాల కామెంట్లు మాత్రం చూసి వదలడం మేలు. గూగుల్ వారి బ్లాగర్‌లో సరిగ్గా దీనికే మోడరేషన్ దగ్గర Sometimes అనే ఎంపిక ఉంది, ఎన్ని రోజులు దాటిన వ్యాసాలకో మనమే చెప్పొచ్చు.

మొదటి ఏర్పాటులో ఒక కన్నం ఉంది. ముందు లింకు లేని ఒక పొగడ్త పంపి, అది ఆమోదం పొందాక, అదే పేరుతో అసలు సరుకు దింపే స్పామర్లున్నారు. అందుకే "బాగుంది" అని తప్ప ఇంకేమీ లేని కొత్తవారి కామెంటుని మొహమాటానికి ఆమోదించకూడదు. వ్యాసంలోని ఒక్క విషయమైనా ప్రస్తావించారా అని చూడండి. పేరు రాసే గడిలో మనిషి పేరుందా, సరుకు పేరుందా అని చూడండి. పేరుకి వెబ్‌సైటు తగిలించే గడిని పూర్తిగా తీసేస్తే ఈ రకం సగం పైన తగ్గిపోతుందని నా నమ్మకం. నిజమైన పాఠకులకు దానితో పోయేదేమీ లేదు.

తర్వాత అందరికీ తట్టే ఉపాయం నిషిద్ధ పదాల జాబితా. తిట్లన్నీ ఒక పట్టీ రాసి ఇచ్చేస్తే మిషనే చూసుకుంటుంది కదా అనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ ఆ పదాలను విడిగా వెతకదు, ఇంకో మాట లోపల ఉన్నా పట్టుకుంటుంది. "కుక్క" అని జాబితాలో పెట్టారనుకోండి, కుక్కర్లో పప్పు ఎన్ని కూతలకు ఉడుకుతుందో చెప్పిన ఇల్లాలి కామెంటు చెత్తబుట్టలో పడుతుంది. "పంది" అని పెడితే పెళ్ళిపందిరి పోతుంది, పందిరి మీది బీరపాదు పోతుంది. ఇక నిజంగా తిట్టదలచుకున్నవాడు ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, నాలుగు రకాల స్పెల్లింగులతో రాసి జాబితాకి చిక్కకుండా దాటిపోతాడు. కాబట్టి జాబితాలో తిట్లకు బదులు స్పామ్ సైట్ల చిరునామాలు పెట్టుకోండి. అవి ఇంకో మాటలో ఇమడవు.

అకిస్మెట్ లాంటి స్పామ్ వడపోత సేవలు 2005 నుంచీ ఉన్నాయి. వేలాది బ్లాగులకు వచ్చే కామెంట్లను పోల్చి చూస్తాయి గనక మనకంటే ముందే స్పామ్‌ని గుర్తుపడతాయి. అయితే అవీ పొరబడతాయి. పొడుగ్గా, లింకులతో, ఆధారాలు చూపిస్తూ రాసే మంచి పాఠకులే ఒక్కోసారి వాటికి అనుమానాస్పదంగా కనబడతారు.

ఇక తిట్ల సంగతి. ఇక్కడ మిషను పెద్దగా అక్కరకు రాదు. తిట్టు వల్ల నష్టం తిట్టు తిన్నవారితో ఆగిపోదని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో చూపించారు. నానో వెండి గురించి ఒకే వ్యాసాన్ని వెయ్యిమందికి పైగా చదివించారు. కొందరికి దాని కింద మర్యాదగా వాదించుకున్న కామెంట్లు, మరికొందరికి దూషణలు కలిసిన కామెంట్లు కనబడేలా పెట్టారు. దూషణలు చూసినవారిలో ఆ సాంకేతికత ప్రమాదమా కాదా అన్న విషయంలో అభిప్రాయాలు మరింత దూరదూరంగా చీలిపోయాయి. వాళ్ళెవరూ తగువులో లేరు, ఊరికే చదివారంతే. ఆ ఏడాదే పాపులర్ సైన్స్ పత్రిక తన వెబ్‌సైట్లో కామెంట్లు మూసేస్తూ ఈ పరిశోధననే ఉదహరించింది. మూసేయడం సులువు. దానితోపాటు తప్పులు దిద్దే పాఠకులు కూడా పోతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం గురించి ఒక టీచరమ్మ బ్లాగులో రాశారనుకోండి. 2019 నవంబరులో వచ్చిన జీవో 81ని హైకోర్టు అదే ఏడాది కొట్టేసిందని పొరబాటున రాశారు. మూడు రోజుల్లో కింద నాలుగు కామెంట్లు చేరాయి.

ఒకాయన మొదటిసారి వచ్చి, జీవో ప్రతికి, తీర్పు ప్రతికి లింకులిచ్చి, వివరంగా రాశారు. లింకులు రెండు కాబట్టి కామెంటు ఆగిపోయింది. దాన్ని ఆ రోజే వదలాలి. రెండు రోజులు ఆగితే ఆ మనిషి మళ్ళీ రాడు.

రెండో కామెంటు "అజ్ఞాత" పేరుతో వచ్చింది. "బుర్రలేని రాతలు. కోర్టు కొట్టేసింది 2020 ఏప్రిల్ 15న. నీలాంటివాళ్ళు పాఠాలు చెప్తే పిల్లలు బాగుపడినట్టే." దీన్ని తీసేయాలని చెయ్యి దురద పుడుతుంది. తీసేస్తే తేదీ తప్పుగానే ఉండిపోతుంది, పైగా తప్పు చూపితే తుడిచేస్తారన్న పేరొస్తుంది. ఈ దెబ్బ పడింది బ్లాగు యజమాని మీద. యజమాని మీది పరుషపు మాటని, అందులో విషయం ఉంటే, ఉండనివ్వాలి. వ్యాసంలో తేదీ దిద్ది, "తేదీ సరిచేశాను, ధన్యవాదాలు" అని ఒక్క ముక్క రాస్తే సరి. మిగతా రెండు వాక్యాలకు జవాబు అక్కర్లేదు. జవాబిస్తే మర్నాటికి చర్చ అంతా వాటి మీదే నడుస్తుంది.

మూడోది మరో అజ్ఞాత, తీర్పు ప్రతి ఇచ్చిన పెద్దమనిషి కులాన్ని ఎత్తి తిట్టాడు. విషయమేమీ లేదు. ఇది పోవాలి, కానీ గుట్టుగా పోకూడదు. "ఇక్కడ సాటి పాఠకుడి మీద కులదూషణ ఉన్న కామెంటు తొలగించాను" అని ఆ చోట రాయాలి. ఏం జరిగిందో చదివేవాళ్ళకి తెలియాలి. అందులో బెదిరింపు కూడా ఉంటే తుడిచే ముందు పేజీ చిరునామా, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఐపీ చిరునామా కనబడితే అదీ రాసి దాచుకోవాలి. ఫిర్యాదు చేయాల్సి వస్తే cybercrime.gov.in లో ఇవే అడుగుతారు.

నాలుగోదే అసలు చిక్కు. ఏళ్ళ తరబడి వచ్చే పాఠకుడు, దాదాపు స్నేహితుడు. ఆ మూడో మనిషికి బుద్ధి చెప్తానని అదే స్థాయిలో తిరిగి తిట్టాడు. పాత పరిచయం కనక మిషను ఆపలేదు. మన పక్షాన మాట్లాడాడని దీన్ని ఉంచితే, మూడోది తీసేసిన న్యాయం చెల్లదు. ఇదీ తీసేయాలి. ఆయనకి మాత్రం విడిగా ఒక మెయిలు రాసి, తిట్టు లేకుండా వాదన మళ్ళీ పెట్టమని అడగాలి. వర్డ్‌ప్రెస్‌లో ఇతరుల కామెంటులోని మాటలు మార్చే వీలుంది, బ్లాగర్‌లో లేదు. వీలున్నా మార్చకండి. ఒకరి పేరు కింద ఇంకొకరు దిద్దిన వాక్యం ఉంటే, ఆ పేజీలో ఏ మాట ఎవరిదో ఎవరూ నమ్మరు.

ఈ నాలుగు నిర్ణయాల వెనకా ఉన్న నియమాన్ని కామెంట్ల పెట్టెకు పైనే రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోవాలి: "నన్ను విమర్శించండి, ఆధారం చూపండి. సాటి పాఠకుల మీద వ్యక్తిగత దూషణ ఉంటే ఎవరిదైనా తొలగిస్తాను." ఇంతకంటే పొడుగు నియమావళి ఎవరూ చదవరు.

బ్లాగున్నవారు ఇవాళ ఒకసారి స్పామ్ పెట్టె తెరిచి చూడండి. అకిస్మెట్ అందులోవాటిని పదిహేను రోజుల తర్వాత తుడిచేస్తుంది. తెలుగులో నాలుగు పేరాలు రాసిన పాఠకులెవరైనా అక్కడ ఇరుక్కుని ఉంటే, ఈలోపే బయటికి తీయాలి.