డిజిటల్ ప్లానర్ అమ్మే ముందు వివరణలో ఏం రాయాలి?

ఇంటి ఖర్చులు రాసుకోవడానికి నెలకో పేజీ చొప్పున పన్నెండు పేజీల తెలుగు ప్లానర్ తయారు చేశారనుకుందాం. ఎట్సీ లాంటి ఆన్‌లైన్ దుకాణంలో పెడితే దాన్ని హైదరాబాద్‌లో ఉన్నవారూ కొనొచ్చు, డల్లాస్‌లో ఉన్న తెలుగువారూ కొనొచ్చు. చేత్తో పట్టుకుని చూసే వీలు లేని సరుకు కాబట్టి, కొనేవారు నమ్ముకునేది నాలుగు బొమ్మలనూ వాటి పక్కన మీరు రాసిన వివరణనూ మాత్రమే.

ముందుగా ఫైలు సంగతి. 'పీడీఎఫ్' అని ఒక్క మాట రాస్తే చాలదు, కాగితం సైజు కూడా చెప్పాలి. మన ప్రింటర్లలో ఉండేది ఏ4, అంటే 210 × 297 మి.మీ. అమెరికాలో వాడేది లెటర్, 216 × 279 మి.మీ. వెడల్పు కాస్త ఎక్కువైనా పొడవు 18 మి.మీ. తక్కువ. ఏ4 పేజీని అసలు సైజులోనే లెటర్ కాగితం మీద ప్రింట్ తీస్తే, అడుగున ఉన్న 'నెల మొత్తం' గడి సగం తెగిపోవచ్చు. అందుకే Kharchulu_A4.pdf, Kharchulu_Letter.pdf అని రెండు ఫైళ్లు విడిగా ఇవ్వాలి. ప్రింట్ తీసి చేత్తో నింపేదా, ఫోన్‌లోనే టైప్ చేసుకునేదా అన్నదీ రాయాలి.

తెలుగు ఫైలుకు ఇంకో పరీక్ష ఉంది. ఫాంట్ పీడీఎఫ్‌లో ఇమడకపోతే అవతలివారి తెరపై ఒత్తులు చెదిరిపోతాయి, లేదా అక్షరాల చోట ఖాళీ గళ్లు కనిపిస్తాయి. అడోబ్ రీడర్‌లో Properties తెరిచి, Fonts కింద ప్రతి ఫాంట్ పక్కన Embedded లేదా Embedded Subset అని ఉందో లేదో చూసుకోండి.

ఇక లైసెన్స్. కొన్నవారికి దక్కేది వాడుకునే అనుమతే, డిజైన్ మీద హక్కు కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతపత్రం ఉండాలి. అనుమతి ఎంతవరకో మాత్రం సూటిగా రాయాలి: "మీ ఇంటి అవసరానికి ఎన్నిసార్లయినా ప్రింట్ తీసుకోవచ్చు. జిరాక్స్ షాపులో తీయించుకోవచ్చు. ఫైలును ఇతరులకు పంపకూడదు, గ్రూపుల్లో పెట్టకూడదు, ప్రింట్లు అమ్మకూడదు." మీరు వాడిన ఫాంటుకూ బొమ్మలకూ వ్యాపార అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర ఫాంట్లను ఇలాంటి అమ్మకపు డిజైన్లలో వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలును విడిగా అమ్మడం మాత్రం కుదరదు.

చివరగా డెలివరీ. పోస్టులో ఏమీ రాదన్న మాట వివరణ మొదటి వాక్యంలోనే ఉండాలి. లేకపోతే డబ్బు కట్టినవారు పార్సిల్ కోసం ఎదురుచూస్తారు. ఎట్సీలో ఒక లిస్టింగ్‌కు ఐదు ఫైళ్ల వరకు, ఒక్కోటి 20 ఎంబీ మించకుండా పెట్టొచ్చు. డబ్బు చెల్లించాక Purchases పేజీలో డౌన్‌లోడ్ బటన్ వస్తుందని దారి చెప్పండి. ఫైలు తెరుచుకోకపోతే మీకు ఎలా తెలపాలో, ఎంతలోగా సరిచేసి పంపుతారో కూడా రాయండి.

లిస్టింగ్ పెట్టే ముందు ఆ వివరణను ఈ పని తెలియని ఒకరి చేత చదివించండి. ఏమొస్తుంది, ఎలా వస్తుంది, దానితో ఏం చేయొచ్చు అని అడగండి. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితేనే అమ్మకానికి పెట్టండి.