ఉష్ణోగ్రత ముల్లు: కారును ఎప్పుడు ఆపాలి?

మే నెల మధ్యాహ్నం నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడుకు కారులో వెళుతున్నారనుకోండి. C, H గుర్తుల నడుమ నిలకడగా ఉండే ముల్లు H వైపు జరిగింది. వెంటనే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తిప్పండి. ఇంజను వేడి కొంత దానిద్వారా బయటికి పోతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ముల్లు దిగితే నెమ్మదిగా సాగవచ్చు. బండి ఆగినప్పుడు మాత్రమే ముల్లు పెరుగుతుంటే లోపం ఫ్యానులో ఉండవచ్చు. పరుగులోనూ పెరుగుతుంటే కూలెంటు తగ్గి ఉండవచ్చు.

ముల్లు ఎర్రగీతను తాకినా, ఆవిరి కనిపించినా రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టేయండి. ఇంకా నడిపితే హెడ్ గాస్కెట్ దెబ్బతింటుంది. రేడియేటరు మూత అప్పుడే తీయరాదు. లోపలి ద్రవం పీడనం వల్లనే 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీస్తే ఒక్కసారిగా మరిగి ముఖంమీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట చల్లారనిచ్చి, ఆపైన కూలెంటు మట్టం చూడండి.