కుక్కర్ మీద కొబ్బరిచెట్టు

ఆన్‌లైన్ దుకాణంలో తళతళలాడే కుక్కర్‌ను అసలు ఏ కెమెరా చూసి ఉండకపోవచ్చు. కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ కట్టి, దానికి రంగూ మెరుపూ ఇచ్చి, లేని దీపాలు వెలిగించి తీసిన బొమ్మ అయ్యుండొచ్చు. దీన్నే రెండర్ అంటారు. 2018లో హైదరాబాద్‌లో దుకాణం తెరిచిన ఐకియా 2006లోనే తన కేటలాగ్‌లో ఇలాంటి బొమ్మ వేసింది. అది బెర్టిల్ అనే కుర్చీ. కుర్చీ కాబట్టి పని కొంత సులువు. స్టీలు వస్తువైతే అలా కుదరదు. పాలిష్ పట్టిన స్టీలులో మనకు కనిపించేది చాలావరకు దాని చుట్టూ ఉన్నదే.

ఈమధ్య పాత్రల కంపెనీ ఒకదాని కోసం ఒక కుర్రాడు చేసిన కుక్కర్ రెండర్ నా దగ్గరికి వచ్చింది. ఐదు లీటర్ల కుక్కర్. అద్దంలా పాలిష్ చేసిన ఒళ్లు, గుండ్రంగా సన్నగీతలు తీసిన మూత, నల్ల బేకలైట్ పిడి, తెల్లటి నేపథ్యం. మోడల్‌కు వంకపెట్టడానికి లేదు. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. ఇలాంటప్పుడు నేను వస్తువును వదిలేసి ముందు నీడ చూస్తాను.

కుక్కర్ నీడ నేలమీద ముందుకు, అంటే చూసేవాళ్ల వైపుకు పడుతోంది. అంటే దీపం కుక్కర్ వెనకాల ఉండాలి. ఒంటి మీదున్న నిలువు మెరుపు చార మాత్రం వేరే మాట చెబుతోంది. గుండ్రటి పాత్ర మీద చార ఎక్కడ పడుతుందన్నది చిన్న లెక్క. కెమెరా దూరంగా ఉందనుకుంటే, కెమెరా దిక్కుకూ దీపం దిక్కుకూ మధ్య ఎంత కోణం ఉందో అందులో సగం దగ్గర చార కనిపిస్తుంది. దీపం కెమెరాకు 60 డిగ్రీలు ఎడమన ఉంటే పాత్ర నడిమికీ ఎడమ అంచుకూ సరిగ్గా మధ్యన పడుతుంది. 90 డిగ్రీలైతే ఆ దూరంలో పదింట ఏడు వంతుల దగ్గరికి జరుగుతుంది. 120 డిగ్రీలైతే, అంటే దీపం వస్తువు వెనక్కి పోయిందంటే, దాదాపు అంచుకు చేరుతుంది. ఈ బొమ్మలో చార సరిగ్గా మధ్యన ఉంది. అంటే దీపం ముందువైపు, 60 డిగ్రీల ఎడమన ఉన్నట్టు. నీడను వేసిన దీపం అది కాదు.

అడిగితే సంగతి తేలింది. చుట్టూ వెలుతురు కోసం కుర్రాడు ఒక హెచ్‌డీఆర్ ఫొటో వాడాడు. నాలుగువైపులా తీసి, వెలుతురు హెచ్చుతగ్గులను కూడా దాచుకున్న ఫొటో అది. అందులో మధ్యాహ్నపు సూర్యుడు ఉన్నాడు. ఆ పైన ముందునుంచి ఒక సాఫ్ట్‌బాక్స్ దీపం కూడా పెట్టాడు. "సూర్యుణ్ని అట్లనే వదిలేసిన అన్నా, అంత తేడా కొడ్తదనుకోలే," అన్నాడు. నీడ సూర్యుడిది, మెరుపు సాఫ్ట్‌బాక్స్‌ది. చూసేవాళ్లెవరూ ఈ లెక్క వేయరు, కానీ అబద్ధం మాత్రం పసిగడతారు. ఒక్కో దీపాన్ని ఆర్పి మిగిలినదానితో రెండర్ చేసి చూస్తే ఏ నీడ ఎవరిదో తేలిపోతుంది. వస్తువు మొత్తానికి ఒకే బూడిదరంగు పూసి చూడటం ఇంకా మంచిది. మెరుపుల మాయ పోయి వెలుతురు దిక్కు ఒక్కటే మిగులుతుంది. సూర్యుడున్న ఫొటోను తీసేసి మబ్బుపట్టిన రోజుది పెట్టమన్నాను. నీడ వెనక్కి, కుడివైపుకు పోయింది.

ఇక లోహం సంగతి. ఈ సాఫ్ట్‌వేర్లలో మెటాలిక్ అనే మీట ఒకటి ఉంటుంది. సున్నా పెడితే ప్లాస్టిక్, చెక్క, పింగాణీ లాంటివి; ఒకటి పెడితే లోహం. కుర్రాడు కుక్కర్ ఒంటికి 0.6 పెట్టాడు. మెరుపు తగ్గిద్దామని అలా చేసి ఉంటాడు. కానీ సగం లోహం, సగం ప్లాస్టిక్ అయిన పదార్థం ఏ వంటింట్లోనూ లేదు. ప్లాస్టిక్ లాంటిది తనమీద ఎదురుగా పడ్డ వెలుతురులో నూటికి నాలుగు పాళ్లే అద్దంలా తిప్పికొడుతుంది, మిగిలినదానితో తన రంగు చూపిస్తుంది. స్టీలు సగానికి పైగా తిప్పికొడుతుంది, లోపలినుంచి రంగంటూ ఏమీ పైకి రాదు. అందుకే ఈ కుక్కర్ వెండిరంగు పెయింటు వేసిన బకెట్‌లా కనిపించింది. మెరుపు తగ్గించాలంటే మెటాలిక్‌ను ఒకటి దగ్గరే ఉంచి రఫ్‌నెస్‌ను కొంచెం పెంచాలి. పిడిది దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు. రంగు నిఖార్సైన సున్నా నలుపు. బొగ్గు కూడా అంత నల్లగా ఉండదు. పడ్డ వెలుతురులో నాలుగు శాతం దాకా వెనక్కి పంపుతుంది. ఆ కాస్తా ఇవ్వగానే పిడికి గుండ్రదనం వచ్చింది.

మూత దగ్గర ఇంకొంచెం ఆగాలి. మీ ఇంట్లో అడుగున గుండ్రటి గీతలున్న స్టీలు గిన్నె ఏదైనా ఉంటే బోర్లించి దీపం కింద పట్టుకోండి. మెరుపు గుండ్రటి చుక్కలా ఉండదు. నడిమినుంచి రెండువైపులా విసనకర్రల్లా విచ్చుకుంటుంది, గిన్నె తిప్పినా అక్కడే నిలబడుతుంది. మెరుపు ఎప్పుడూ గీతలకు అడ్డంగా సాగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. కుర్రాడి మూత మీద గీతలున్నాయి కానీ మెరుపు మాత్రం గుండ్రటి మచ్చ. గీతలను బొమ్మలా అతికించాడే తప్ప వెలుతురుకు వాటి సంగతి చెప్పలేదు. అనైసోట్రోపిక్ అనే అమరికను పెంచి, గీతల దిక్కు మూత నడిమి చుట్టూ తిరిగేలా చూపిస్తే విసనకర్రలు వాటంతటవే వచ్చాయి. గీతల సైజు కూడా తగ్గించాల్సి వచ్చింది. గీత లావైతే కుక్కర్ బొమ్మల కొలువులో పెట్టే లక్కపిడతంత అయిపోతుంది.

చివరికి మిగిలింది ప్రతిబింబాలు. ఒంటి మీద, సరిగ్గా కంపెనీ పేరు పక్కన, ఒక కిటికీ, దానిలో కొబ్బరిచెట్టు. హెచ్‌డీఆర్ ఫొటోలోంచి వచ్చి కూర్చున్నాయి. చూడగానే ఇది ఫలానా అని పేరు పెట్టగలిగే ప్రతిబింబం ఏదైనా కన్నును లాగేస్తుంది. పేరు పెట్టలేని చారలు, మెల్లగా కరిగిపోయే తెలుపూ నలుపూ మాత్రం పాత్ర గుండ్రదనాన్ని చెబుతాయి. హెచ్‌డీఆర్‌ను అటూ ఇటూ తిప్పితే చెట్టు పోయి గోడ వస్తుంది, అంతకంటే లాభం లేదు. స్టీలు వరకు ఆ ఫొటో కనబడకుండా చేసి, దాని బదులు రెండు పొడవాటి పలకలు నిలబెట్టాం. అంచుల దగ్గర కరిగిపోయేలా వెలుగునిచ్చే పలకలవి.

అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. పాత్ర అంచులు తెల్ల నేపథ్యంలో కలిసిపోయాయి. గుండ్రటి పాత్ర అంచు తన వెనకున్నదాన్నే చూపిస్తుంది, వెనకున్నదంతా తెలుపే. స్టూడియోలో ఫొటోగ్రాఫర్లకు ఇది పాత బాధే. వాళ్లు ఫ్రేము బయట, వస్తువుకు కాస్త వెనగ్గా రెండువైపులా నల్ల అట్టలు నిలబెడతారు. మేమూ అదే చేశాం. అంచుల్లో సన్నటి నల్ల గీత వచ్చి కుక్కర్ తెలుపులోంచి విడివడింది.

ఆ ఊపులో కుర్రాడు మూత మీదున్న పిడి ప్రతిబింబాన్ని, అడుగు దగ్గర నేల ప్రతిబింబాన్ని కూడా తుడిచేశాడు. అవి మళ్లీ పెట్టించాను. అవి లేకపోతే పిడి మూతకు తగలదు, కుక్కర్ నేలకు ఆనదు. పైనున్న వెయిట్ మీద చిన్న తెల్ల మచ్చ ఇంకా మిగిలింది. ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులో చూస్తే అది కనబడలేదు. అమ్మే చోట ఆ బొమ్మ కనిపించేది ఆ సైజులోనే కాబట్టి దాని జోలికి పోలేదు.