నెలనెలా దాచే ఫీజు డబ్బుకు ఆర్‌డీనా, ఎఫ్‌డీనా?

జీతం నెలనెలా వస్తుంది, పిల్లల బడి ఫీజు మాత్రం జూన్‌లో ఒక్కసారే మీద పడుతుంది. అందుకని నెలకు 5,000 రూపాయలు పక్కన పెట్టాలనుకున్నవారు బ్యాంకుకు వెళితే రికరింగ్ డిపాజిట్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రెండూ కనిపిస్తాయి. రెండింటికీ ఏడాదికి 6.5 శాతం వడ్డీయే అనుకుందాం.

ఏడాది చివర ఆర్‌డీలో కట్టిన 60,000కు వడ్డీ సుమారు 2,140 రూపాయలు వస్తుంది. అదే 60,000 మొదటిరోజే ఎఫ్‌డీ వేస్తే దాదాపు 4,000 వచ్చేది. ఇది చూసి ఆర్‌డీ దండగ అనుకునేవారు చాలామంది. నిజానికి ఆర్‌డీలో మొదటి వాయిదా ఒక్కటే పన్నెండు నెలలు ఉంటుంది, చివరిది ఒక్క నెలే ఉంటుంది. సగటున డబ్బు బ్యాంకులో ఉన్నది ఆరున్నర నెలలు. మొదటిరోజు మన చేతిలో 60,000 లేనప్పుడు ఆ 4,000తో పోలికే లేదు.

మరి ప్రతి నెలా 5,000తో ఒక్కో చిన్న ఎఫ్‌డీ వేస్తే? అన్నీ ఫీజు నాటికి చేతికి రావాలంటే ఒకటి పన్నెండు నెలలకు, తర్వాతది పదకొండు నెలలకు, చివరిది ఒక నెలకు వేయాలి. గడువు తగ్గేకొద్దీ బ్యాంకులు సాధారణంగా వడ్డీ తగ్గిస్తాయి. ఆర్‌డీలో అయితే చివరి వాయిదాకు కూడా మొదటిరోజు ఖాయమైన ఏడాది రేటే వర్తిస్తుంది. మధ్యలో రేట్లు పడిపోయినా మనకు తగ్గవు. పెరిగినా ఆ లాభం అందదు.

తేదీ విషయంలో జాగ్రత్త అవసరం. మే 5న తెరిచిన పన్నెండు నెలల ఆర్‌డీకి చివరి వాయిదా ఏప్రిల్‌లో పడుతుంది, డబ్బు చేతికొచ్చేది మే 5న. జూలైలో తెరిస్తే జూన్ ఫీజుకు అందదు. పోస్టాఫీసు ఆర్‌డీ గడువు ఐదేళ్లు, మూడేళ్లలోపు మూసే వీలు లేదు. ఏటేటా కట్టే ఫీజుకు అది కుదరదు.

వాయిదా తప్పితే కొన్ని బ్యాంకులు నెలకు వందకు రూపాయిన్నర జరిమానా వేస్తాయి. అంటే 5,000కు 75 రూపాయలు. ఆ వాయిదాకు నెలకు వచ్చే వడ్డీయే 27 రూపాయలు! జీతం పడిన మర్నాడే వాయిదా ఖాతాలోంచి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి.

బోనస్, పంట డబ్బులాంటి పెద్ద మొత్తం చేతికొస్తే దాన్ని ఫీజు తేదీకి ముందే గడువు తీరేలా ఎఫ్‌డీ వేయండి. మే నెలలో ఆర్‌డీ ముగిశాక మొదటి టర్మ్ ఫీజు కట్టగా మిగిలినదాన్ని రెండో టర్మ్ వరకు ఎఫ్‌డీలో ఉంచవచ్చు. నెలజీతంలోంచి దాచే డబ్బుకు మాత్రం ఆర్‌డీయే సరైనది.