ఉచిత శాంపిల్ అడిగితే ఏం రాయాలి?

‘ముందు రెండు లోగోలు ఫ్రీగా చేసి చూపించండి, నచ్చితే ఆర్డర్ ఇస్తాం.’ కొత్తగా హోటల్ పెట్టేవారి నుంచి డిజైనర్‌కు ఇలాంటి వాట్సాప్ మెసేజ్ రావడం మామూలే. డబ్బు వృథా అవుతుందేమోనన్న వారి భయం న్యాయమైనదే. కోపంగా కాదనేకన్నా ఆ భయం తీర్చే జవాబు మేలు:

‘సార్, ఇదివరకు చేసిన హోటల్ లోగోలు పంపుతున్నాను. మీ పేరుతోనే చూడాలంటే ఒక్క డిజైన్‌కు 2,000 రూపాయలు. ఆర్డర్ ఇస్తే బిల్లులో తగ్గిస్తాను.’

నిజంగా పని ఇచ్చేవారు వెంటనే మొత్తం ధర, గడువు అడుగుతారు. ‘వేరేవాళ్లు ఊరికే చేస్తున్నారు’ అంటూ సాగదీస్తే ఆ బేరం వదిలేయడమే మంచిది.

శాంపిల్ పంపినంత మాత్రాన హక్కు పోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీకి సంతకం చేసిన రాతకోతలు ఉండాలి. కానీ ఆ రక్షణ గీసిన బొమ్మకే, ఆలోచనకు కాదు. అందుకే అడ్వాన్సు అందేదాకా కొత్త ఆలోచన బయటపెట్టకండి.