బంతి పట్టే వయసు ఎప్పుడు?

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, మా వీధిలో తల్లులందరిదీ ఒకటే చర్చ. పిల్లాణ్ణి ఏ కోచింగులో వేద్దాం? మగపిల్లాడైతే ఆలోచించే పనే లేదు, క్రికెట్. ఆడపిల్లయితే డాన్సు, లేకపోతే ఎదురింటమ్మాయి ఎక్కడ చేరితే అక్కడ. ఫీజు కట్టి, తెల్లబట్టలు కుట్టించి, పొద్దున్నే అయిదింటికి లేపి గ్రౌండుకి పంపిస్తాం. పదిహేను రోజులు తిరిగేసరికి పిల్లాడు వెళ్ళనని ఏడుపు. "మా వాడికి ఆటలు రావండీ, పుస్తకాల పురుగు" అని మనమే ముద్ర వేసేస్తాం. ఏడేళ్ళ వాడికి!

ఇలాంటి ముద్రే పడబోయింది మా మరిది కొడుక్కి. వాళ్ళు ఖమ్మంలో ఉంటారు. వాడికి అప్పుడు ఏడు నిండాయి. ముప్ఫై మంది పిల్లలున్న క్రికెట్ క్యాంపులో వేశారు. వారం దాటగానే మా తోటికోడలు ఫోన్ చేసింది. "అక్కా, వీడికి పొద్దున లేస్తే చాలు కడుపునొప్పి. ఆదివారం మాత్రం రాదు. బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటాడని కోచ్ చెబుతున్నాడు. భయస్తుడయ్యాడేమో" అంది.

సెలవులకి పిల్లాడు మా ఇంటికొచ్చాడు. పెరట్లో నాలుగు రోజులు వాడితో ఆడుతూ గమనించాను. అది ఎవరైనా చెయ్యగలిగిన పనే కాబట్టి వివరంగా చెబుతాను.

పెరట్లోనే పరీక్ష

మొదట ఒంటికాలి మీద నిలబడమన్నాను. సాధారణంగా అయిదారేళ్ళ పిల్లలు చేతులు ఊపుకుంటూనైనా పది లెక్కపెట్టేదాకా నిలబడగలరు. వీడు కుడికాలి మీద బాగానే నిలబడ్డాడు, ఎడమకాలి మీద మూడు అంకెలకే తూలిపోయాడు. తర్వాత ఒంటికాలితో గెంతమన్నాను. తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు. వీడికి ఆ ఆటే తెలియదు! మూడోది పరుగు. జామచెట్టు దాకా వెళ్ళి తాకి వెనక్కి రమ్మంటే బాణంలా వచ్చాడు. మలుపు దగ్గర కూడా పడలేదు.

ఇక అసలు సంగతి బంతి. నాలుగు అడుగుల దూరం నుంచి టెన్నిస్ బంతి మెల్లగా విసిరాను. తల పక్కకి తిప్పేసి, రెండు చేతులతో గుండెకి హత్తుకోబోయాడు. బంతి చేతుల సందులోంచి జారిపోయింది. అదే బంతిని నేలకు కొట్టి ఎగిరేలా వేస్తే పదింటిలో ఆరు పట్టాడు. బెలూన్ ఎగరేస్తే ఒక్కటీ వదల్లేదు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లాడికున్నది పిరికితనం కాదు. బంతి వేగాన్ని కళ్ళు అంచనా వేసి, చేతులకు ఆ కబురు అందించే పని ఇంకా కుదురుకోలేదు. పక్కనుంచి వెళ్ళే వస్తువు ఎంత వేగంగా పోతోందో చెప్పడం తేలిక. సూటిగా మొహం మీదికి వచ్చే బంతి కదులుతున్నట్టు కనబడదు, పెద్దదవుతున్నట్టు మాత్రమే కనబడుతుంది. అది ఎప్పుడు తనదాకా వస్తుందో లెక్కకట్టడం ఆరేడేళ్ళ పిల్లల్లో చాలామందికి ఇంకా పట్టుబడదు. ఎనిమిది, తొమ్మిదేళ్ళకి చాలావరకు కుదురుతుంది. కొందరికి ముందే వస్తుంది, కొందరికి ఇంకో ఏడాది పడుతుంది. అందుకే పక్కింటి ఏడేళ్ళవాడు పట్టే క్యాచ్ మీ ఏడేళ్ళవాడు పట్టలేకపోవడంలో వింతేమీ లేదు.

పైగా వాడి చేతికిచ్చింది తోలుబంతి. పెద్దవాళ్ళు ఆడే క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. టెన్నిస్ బంతి అరవై గ్రాములు కూడా ఉండదు. పదమూడేళ్ళలోపు వాళ్ళకని తక్కువ బరువు బంతి వేరే ఉంది, అదైనా 133 గ్రాములకు తగ్గదు. మూడు టెన్నిస్ బంతుల బరువున్న రాయిలాంటిది మొహం మీదికొస్తుంటే కళ్ళు మూసుకోవడం తెలివైన పనే అంటాను నేను. బ్యాటు సంగతీ అంతే. హ్యాండిల్ పైభాగం పట్టుకునే చేత్తో, అంటే కుడిచేతివాటం పిల్లాడైతే ఎడమచేత్తో, బ్యాటును ముందుకు చాపి పది లెక్కపెట్టేదాకా ఉంచగలగాలి. ముందే చెయ్యి వాలిపోతే ఆ బ్యాటు బరువెక్కువ. ఇంటికెళ్ళాక ఇలా చేసి చూడమని మా మరిదితో చెప్పాను. నాలుగుకే చెయ్యి వాలిపోయిందట. "రెండేళ్ళు పెరిగినా పనికొస్తుంది వదినా" అని పెద్ద సైజు కొన్నాడు మరి. చొక్కాలు కొన్నట్టు!

ఒక్కమాట. నేలకు కొట్టి వేసిన పెద్ద బంతిని కూడా ఏడెనిమిదేళ్ళ పిల్ల పట్టలేకపోతున్నా, మెట్లు దిగుతూ తడబడుతున్నా, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నా, ముందు కంటి డాక్టరుకి చూపించండి. మావాణ్ణీ చూపించమన్నాను. చూపు బాగానే ఉందని తేలాక ఆట గురించి ఆలోచించాం.

మరి ఏం ఆడాలి?

వాడికి ఉన్నవేమిటి? పరుగు, ఊపిరి, నీళ్ళంటే సరదా. లేనివేమిటి? ఒంటికాలి నిలకడ, బంతి మీద చూపు. ఉన్నవి అక్కరకొచ్చే ఆటలో చేర్చి, లేనివి ఇంట్లో ఆడుకుంటూ నేర్పితే సరిపోతుందనిపించింది. వాడి కోసం ఈత ఎంచుకున్నాం.

ఈతలో వాడి మీదికి వచ్చేదేమీ ఉండదు. ఎదుటివాడి వేగంతో పనిలేదు. పైగా నీళ్ళు ఒంటి బరువును మోస్తాయి. నాలుగేళ్ళు దాటిన పిల్లల్లో ఎక్కువమంది ఈత పాఠాలకు సిద్ధంగానే ఉంటారు. వెనక మా తాతగారి ఊళ్ళో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి బావిలో దింపేవారు. ఇప్పుడు కొలనులున్నాయి, కాని చేర్చేముందు రెండు విషయాలు అడగండి. నేర్పే మనిషి గట్టు మీద ఈలతో నిలబడతాడా, నీళ్ళలోకి దిగుతాడా? ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు? పదిహేనుమందిని ఒక్కడికి అప్పగిస్తే నేను మాత్రం పంపను. మొదటివారం మొహం నీళ్ళలో పెట్టి బుడగలు వదలడం, గట్టు పట్టుకుని కాళ్ళాడించడం, వెల్లకిలా తేలడం. ఇవి రాకుండా చేతులు తిప్పడం నేర్పేవాడు తొందరపడుతున్నట్టే. ఫిట్స్ ఉన్న పిల్లల్నీ, చెవిలో చీము కారే పిల్లల్నీ డాక్టరు సరే అనేదాకా దింపకూడదు. ఈత వచ్చాక కూడా పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. వచ్చిన ధైర్యంతోనే కాలవలోకి దూకుతారు.

ఇక ఇంట్లో సాయంత్రం పావుగంట. మొదటి రెండు వారాలు బెలూన్. చేత్తో కొట్టడం, తర్వాత ప్లాస్టిక్ పళ్ళెంతో కొట్టడం. బెలూన్ మెల్లగా దిగుతుంది, కళ్ళకి వ్యవధి దొరుకుతుంది. ఆపైన పెద్ద రబ్బరు బంతి, నేలకు కొట్టి పట్టడం. పదింటిలో ఎనిమిది పట్టగలిగాక చిన్న బంతి. అది కూడా ఎనిమిదికి చేరాక నేలకు తాకకుండా విసరడం. ఎనిమిది రాకుండా తరవాతి మెట్టు ఎక్కొద్దని మా తోటికోడలికి గట్టిగా చెప్పాను. ఎడమకాలికి తొక్కుడుబిళ్ళ. "మగపిల్లాడికి తొక్కుడుబిళ్ళేమిటే" అని మా అత్తగారు నవ్వారు గాని, మూడు నెలలకు వాడు ఎడమకాలి మీద పన్నెండు అంకెలు నిలబడ్డాడు.

ఎనిమిదో ఏడు వచ్చాక బాడ్మింటన్ అన్నాడు, తనంతట తనే. మంచి వరస అనిపించింది నాకు. షటిల్ రాకెట్ మీంచి వేగంగా బయల్దేరినా ఈకల వల్ల గాలిలోనే వేగం చచ్చిపోతుంది. రాకెట్ మాత్రం పొట్టిది కొనాలి. పెద్దవాళ్ళది ఇరవై ఆరు, ఇరవై ఏడు అంగుళాలుంటుంది, పిల్లలకి ఇరవై ఒకటి, ఇరవై మూడు అంగుళాలవి దొరుకుతాయి. పొడుగు రాకెట్‌తో షటిల్ దాటిపోతుంటే మళ్ళీ "చేతకాదు" అనే మాటే వస్తుంది.

మనం ఆడిన ఆటే మన పిల్లలూ ఆడాలనుకునే తండ్రులు కొందరుంటారు. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, తండ్రి రమణగారు 2000 సంవత్సరంలో అర్జున అవార్డు అందుకున్నారు. అయినా ఆమె ఎనిమిదో ఏట పట్టుకున్నది బాడ్మింటన్ రాకెట్. వాలీబాల్ సంగతి చూడండి, ఆడవాళ్ళ నెట్ కూడా 2.24 మీటర్ల ఎత్తు, బంతి పావుకిలోకి పైమాట. ఎనిమిదేళ్ళ పిల్ల ముంజేతులు ఎర్రబడిపోతాయి. పది, పదకొండేళ్ళు దాటాక, నెట్ దించి, తేలిక బంతితో మొదలుపెడితే అదీ మంచి ఆటే. కబడ్డీ, బాస్కెట్‌బాల్ లాంటివీ అంతే. నలుగురు ఎక్కడున్నారో చూస్తూ, తన పని తాను చేస్తూ, క్షణంలో ఎత్తు మార్చుకోవడం పది నిండాక గాని చాలామందికి చేతకాదు. అంతకుముందు ఫుట్‌బాల్‌లో చేర్చి చూడండి, పిల్లలందరూ బెల్లం చుట్టూ చీమల్లా బంతి చుట్టూ మూగుతారు. కోచ్ ఎంత అరిచినా అంతే. అది తప్పు కాదు, వయసు.

ఆడపిల్లల తల్లులకు ఒక సంగతి. ఈడు రాకముందు పరుగులో, బలంలో ఆడపిల్లలకీ మగపిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తొమ్మిదేళ్ళ అమ్మాయిని అబ్బాయిలతో కలిపి ఆడించడానికి జంకక్కరలేదు. ఆడపిల్లలు విసరడంలో వెనకబడినట్టు కనిపిస్తే, చాలావరకు వాళ్ళ చేతికి మనం బంతి ఇవ్వకపోవడం వల్లే.

ఎంత ఆడించాలని మా తోటికోడలు అడిగింది. పిల్లలకి ఎన్నేళ్ళో వారానికి అన్ని గంటలకు మించి కోచింగు వద్దని క్రీడా వైద్యులు చెప్పే లెక్క. ఎనిమిదేళ్ళవాడికి ఎనిమిది గంటలు, అదీ పైహద్దు. వారంలో ఒకటి రెండు రోజులు సెలవుండాలి. మడమలోనో మోకాలి కిందనో నొప్పి అని కుంటుతూ ఇంటికొస్తే, రాత్రి నూనె రాసి పొద్దున్నే మళ్ళీ పంపొద్దు. ఎదిగే ఎముక చివరలు ఆ వయసులో మెత్తగా ఉంటాయి. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే ఆట ఆపి డాక్టరుకి చూపించాలి.

ఆ క్యాంపు బ్యాటు ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. మా వాడికి ఇప్పుడు తొమ్మిదిన్నర. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా మేడ మీద టెన్నిస్ బంతితో క్యాచ్‌లు పడుతున్నాడు. "క్రికెట్‌లో చేరతావురా?" అంటే, "ఆదివారాలు చాలు పెద్దమ్మా, మిగతా రోజులు షటిల్" అన్నాడు.